ముప్పై ఐదును చెప్పి యాభై ఒకటిని మింగేశారు

2023 వానాకాలం ముగిశాక వాతావరణ శాఖ తప్పు చెప్పిందని ఊరూరా అనుకున్నారు. సాధారణ వర్షపాతం అన్నారు, తీరా చూస్తే ఆగస్టు మొత్తం ఎండబెట్టింది, వీళ్ల మాట నమ్మితే ఇంతే అన్నారు. ఈ మాటను మేము సగమే ఒప్పుకుంటాం. ఆ ఏడు ఏప్రిల్ 11న భారత వాతావరణ శాఖ విడుదల చేసిన బులెటిన్‌ను ముందు పెట్టుకుని మేము వాక్యం వాక్యం చదివాం. అందులో ఉన్నదొకటి, రైతు చెవిన పడ్డదొకటి. తప్పు బులెటిన్‌లో కొంత ఉంటే, దాన్ని నాలుగు ముక్కల్లోకి కుదించిన చేతుల్లో మరింత ఉంది.

మళ్లీ ఏప్రిల్ బులెటిన్ల కాలం వస్తోంది కాబట్టి ఆ పాత బులెటిన్‌ను ఇప్పుడు విప్పి చూపిస్తున్నాం.

దాని మొదటి మాట ఇది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు దేశం మొత్తం మీద కురిసే వాన దీర్ఘకాల సగటులో 96 శాతం ఉండే అవకాశం ఉంది, ఈ లెక్కలో 5 శాతం అటూ ఇటూ తేడా రావచ్చు. దీర్ఘకాల సగటు అంటే 1971 నుంచి 2020 వరకు యాభై ఏళ్ల వానల సగటు, 87 సెంటీమీటర్లు. శాఖ లెక్కలో 96 నుంచి 104 శాతం దాకా పడితే దాని పేరు 'సాధారణం'. 96 ఆ గీత లోపలే ఉంది కాబట్టి 'సాధారణ వర్షపాతం' అన్నారు. మర్నాడు పత్రికల్లో, టీవీ స్క్రోలింగుల్లో, ఫోన్లలో తిరిగిన ముక్క అదే.

ఇక్కడ ఆగి చూడండి. 96 అనేది సాధారణం అనే ఇంటికి గడప. మధ్య అర్ర కాదు. 5 శాతం అటూ ఇటూ అని శాఖ తానే చెప్పింది కదా, అంటే 91 కావచ్చు, 101 కావచ్చు. 91 నుంచి 95 దాకా ఉన్నదంతా గడప బయటే, శాఖ భాషలో అది 'సాధారణం కన్నా తక్కువ'. కుదించేటప్పుడు ఆ ఐదు శాతాన్ని తీసేస్తే గడప మీద నిలబడ్డవాడిని ఇంటి నడుమ కూర్చోబెట్టినట్టే.

అసలు సంగతి దాని కింద ఉన్న పట్టికలో ఉంది. వాన ఏ తీరుగా ఉండవచ్చో ఐదు గంపలుగా పంచి, ఒక్కో గంపకు నూటికి ఎన్ని పాళ్లు అవకాశమో రాశారు. లోటు, అంటే సగటులో 90 శాతం కన్నా తక్కువ పడటానికి 22 పాళ్లు. సాధారణం కన్నా తక్కువకు 29. సాధారణానికి 35. సాధారణం కన్నా ఎక్కువకు 11. బాగా అధికానికి 3. విడివిడిగా చూస్తే 35 పెద్దదే, శీర్షికకు ఎక్కింది కూడా అదే. కానీ కింది రెండు గంపలను కలపండి. 22, 29 కలిస్తే 51. అంటే వాన సాధారణం కన్నా తగ్గే అవకాశం సగానికి కొంచెం మించే ఉందని శాఖ ఏప్రిల్‌లోనే అచ్చు వేసి ఇచ్చింది. రైతుకు చెప్పింది మాత్రం 35 గురించి.

ఇంకో అంకె పక్కన పెట్టి చూస్తే కడుపు మండుతుంది. ఏ సూచనా లేని మామూలు ఏడాదిలో, పాత అనుభవం ప్రకారం, తక్కువ వైపు రెండు గంపలకు కలిపి సుమారు 33, సాధారణానికి 33, ఎక్కువ వైపు రెండింటికి 33 పాళ్లు ఉంటాయి. ఈ పోలిక అంకెలు కూడా అదే పట్టికలో పక్క వరుసలోనే ఉంటాయి. ఇప్పుడు 2023ను దీనితో సరిపోల్చండి. సాధారణం 33 నుంచి 35కు మారింది, అంటే దాదాపు మారనేలేదు. తక్కువ వైపు 33 నుంచి 51కి ఎగబాకింది. ఎక్కువ వైపు 33 నుంచి 14కు పడిపోయింది. బులెటిన్‌లో కొత్త కబురు అంటూ ఉంటే ఈ రెండు మార్పులే. కుదించినవాళ్లు ఏ అంకె కదలలేదో సరిగ్గా దాన్నే ఏరి పట్టుకుని, కదిలిన రెండింటినీ పారేశారు.

చివరికి ఏమైంది? ఆ ఏడు దేశం మొత్తం మీద 94 శాతం పడింది. 96కు 5 అటూ ఇటూ అన్నదాంట్లో అది ఇమిడింది. 51 పాళ్లు ఉన్న వైపే పడింది. బులెటిన్ మొత్తం చదివినవాడికి ఇందులో మోసమేమీ కనబడదు. శీర్షిక మాత్రమే చదివినవాడికి వాతావరణ శాఖ అబద్ధాలకోరు అయింది.

దీనికి ఒక్క రోజు ముందు, ఏప్రిల్ 10న, స్కైమెట్ అనే ప్రైవేటు సంస్థ 94 శాతం అని, సాధారణం కన్నా తక్కువ అని చెప్పింది. వాళ్లూ 5 శాతం తేడా రావచ్చన్నారు. ఇక చూడండి, ప్రభుత్వం మంచి వానలంటోంది, ప్రైవేటువాళ్లు కరువంటున్నారు, ఎవరిని నమ్మాలి అని చర్చలు. 87 సెంటీమీటర్లలో రెండు శాతం అంటే రెండు సెంటీమీటర్లు కూడా లేదు. ఇద్దరూ దాదాపు ఒకే మాట చెప్పారు. గీతకు ఒకరు ఇవతల, ఒకరు అవతల నిలబడ్డారు, అంతే. అంకెలు తీసేసి పేర్లు మాత్రమే మిగిల్చినందువల్ల ఒకే మాట రెండు ఎదురుమాటలైంది.

వాతావరణ శాఖకు కూడా ఒక మాట అనకుండా వదలం. మొదటి వరుసలో సాధారణం అని పేరు పెట్టి, 51 అన్న కూడికను చదివేవాడికే వదిలేస్తే, తొందరలో ఉన్న విలేకరి మొదటి వరుసే ఎత్తుకుపోతాడు. ఆ కూడికను వాళ్లే పైన రాయాల్సింది.

మే నెలలో మేము నాంపల్లిలో ఒక సమావేశానికి వచ్చి, స్టేషన్ దగ్గర నుంచి అబిడ్స్ వైపు నడిచి పోతూ ఒక విత్తనాల దుకాణం ముందు ఆగాం. షట్టర్‌కు ఒక కాగితం అంటించి ఉంది, పెద్దక్షరాలతో, 'ఈసారి వర్షాలు సాధారణమే'. లోపల కౌలుకు ఐదెకరాలు పట్టిన ఒక పెద్దాయన పత్తి ప్యాకెట్లు బేరం చేస్తున్నాడు. 'ఏం ఫికర్ లేదు కాకా, వానలు మంచిగనే ఉన్నయట, సర్కారోళ్లే చెప్పిన్రు' అని కొట్టాయన భరోసా ఇస్తున్నాడు. ఆయన్ని మేము తప్పుపట్టం. ఆయనకు అందిన కబురు అదే, దాన్నే అంటించాడు. కానీ ఆ కాగితంలో ఎన్ని పోయాయో చూడండి. 'దేశం మొత్తం మీద' అన్నది పోయింది. 'జూన్ నుంచి సెప్టెంబరు దాకా మొత్తం కలిపి' అన్నది పోయింది. 'అవకాశం ఉంది' పోయింది. 'ఐదు శాతం అటూ ఇటూ' పోయింది. పైగా లేనిదొకటి వచ్చి చేరింది. 'సాధారణం' కాస్తా 'సాధారణమే' అయింది. ఆ చివరి 'ఏ' ఎంత పని చేస్తుందో తెలుగు వచ్చిన ఎవరికైనా తెలుసు. బులెటిన్ అనుమానంగా అన్నదాన్ని ఆ ఒక్క అక్షరం ఒట్టేసి చెప్పింది.

మన భాషలో ఈ ప్రమాదం ఎక్కువ. 'కురిసే అవకాశం ఉంది', 'కురవవచ్చు', 'కురుస్తాయి', ఈ మూడూ వేర్వేరు మాటలు. పేపరులో జాగా తక్కువైనప్పుడు మొదటిది మూడోది అవుతుంది, ఎందుకంటే మూడోది పొట్టిది. శీర్షికలో క్రియ కూడా ఎగిరిపోయి 'ఈసారి సాధారణ వర్షాలు' అని తేలుతుంది. శాఖ వాళ్లు 'అవకాశం' అన్నచోట తెలుగులోనూ అవకాశం అనే ఉండాలి. 'ఎక్కువ అవకాశం' అన్నచోట ఆ 'ఎక్కువ'ను కూడా తేవాలి. 'ఏర్పడవచ్చు' అంటే 'ఏర్పడనుంది' అని రాయకూడదు. ఆ ఏప్రిల్‌లో ఎల్‌నినో సంగతి ఇట్లాగే రెండు ముక్కలైంది. వానాకాలంలో ఎల్‌నినో ఏర్పడే అవకాశం ఉందని, అయితే ఎల్‌నినో వచ్చిన ప్రతి ఏడూ వానలు తగ్గలేదని శాఖ చెప్పింది. భయపెట్టాలనుకున్నవాళ్లు మొదటి సగం పట్టుకున్నారు, ధైర్యం చెప్పాలనుకున్నవాళ్లు రెండో సగం పట్టుకున్నారు.

రైతులకు ఈ శాతాలు అర్థం కావు, అందుకే సులువు చేసి చెబుతున్నాం అని మాతో ఎందరో పెద్దలు అన్నారు. ఈ మాట వింటే మాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి ఎంతవుతుందో కాగితం లేకుండా చెప్పే రైతుకు శాతం తెలియదా? పత్తి తేమ 8 దాటితే ధర కోస్తారు, 12 దాటితే సీసీఐ కొననే కొనదు. వడ్లకు 17. యంత్రం మీద ఆ అంకె వచ్చేదాకా గుండె చేత్తో పట్టుకుని నిలబడేది ఎవరు? మొలక శాతం సంగతి ఇంకా తేట. విత్తన ప్యాకెట్ మీద కనీస మొలక ఇంత శాతం అని అచ్చు వేయాలని 1966 నాటి విత్తనాల చట్టమే చెబుతోంది. పత్తి ప్యాకెట్ మీద 75 అని ఉంటే రైతు ఏం చేస్తాడు? నాలుగింట ఒకటి పోవచ్చనుకుని కుంటలు నింపడానికి గింజలు దాచుకుంటాడు. ఏ కంపెనీ అయినా ఆ 75ను చెరిపేసి 'గింజలు మొలుస్తాయి' అని మాత్రమే అచ్చేస్తే అది నేరం. అదే పనిని వాన కబురుతో చేస్తే దాని పేరు సులభశైలి!

శాతం దాచినందుకు ఎవరు ఎంత కడతారో ఆ కౌలు రైతు లెక్కలోనే చూద్దాం. 2023లో బీజీ-2 పత్తి ప్యాకెట్ ధర 853 రూపాయలు. ఎకరానికి రెండు చొప్పున ఐదెకరాలకు పది ప్యాకెట్లు, 8,530 రూపాయలు. వానలు సాధారణమే అని నమ్మినవాడు ఏం చేస్తాడు? మృగశిర కార్తెకు ముందే పొడి దుక్కిలో ఐదెకరాలూ పత్తి పెట్టేస్తాడు. ఆ ఏడు కేరళకు రుతుపవనాలు జూన్ 8న వచ్చాయి, మామూలు కన్నా వారం ఆలస్యం. తెలంగాణకు చేరేసరికి జూన్ 20 దాటింది. మధ్యలో ఒక జల్లు పడి గింజ మొలకెత్తి, ఆ తర్వాత ఎండకు మాడిపోతే మళ్లీ 8,530, మళ్లీ కూలి. ఈ రెండో ఖర్చుకు ఆసరా లేదు. పంట బీమా పథకం నుంచి తెలంగాణ 2020లోనే బయటికి వచ్చేసింది. కౌలు రైతుకు అప్పటి రైతుబంధు వచ్చేది కాదు. బ్యాంకు గడప ఎక్కనివ్వదు.

అదే మనిషికి మే నెలలో నూటికి 51 పాళ్లు తక్కువ వైపే ఉందట అని తెలిసి ఉంటే? పత్తి మానుకునేవాడని మేము అనం. మూడెకరాల ప్యాకెట్లే ముందు కొని, మిగతా రెండెకరాల నిర్ణయం వాన చూసి చేసేవాడేమో. సాళ్ల మధ్య కంది వేసేవాడేమో. భూమి 60 నుంచి 75 మిల్లీమీటర్ల వానకు తడిసేదాకా గింజ పెట్టొద్దని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా చెప్పే మాటను ఆ ఏడైనా గట్టిగా పట్టుకునేవాడేమో. ఏం చేసినా తెలిసి చేసేవాడు. నష్టం అతనిది అయినప్పుడు పందెం అంకె కూడా అతనికే తెలియాలి కదా.

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకుంటే మేమూ సగమే చెప్పినవాళ్లం అవుతాం. ఆ 51ని చూసి 'తెలంగాణకు కరువు' అని ఎవరైనా రాసి ఉంటే అదీ తప్పే అయ్యేది. అది దేశం మొత్తం అంకె. ఆ ఏడు దేశంలో జూన్‌లో 91 శాతం, జూలైలో 113, ఆగస్టులో 64, సెప్టెంబరులో మళ్లీ 113 పడింది. ఆగస్టు అంత పొడిగా గడవడం 1901 నుంచి ఉన్న రికార్డులో ఎన్నడూ లేదు. అదే ఏడు జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 650 మిల్లీమీటర్లు కుమ్మరించింది. నాలుగు నెలలూ కలిపి చూస్తే తెలంగాణకు లోటు రాలేదు. దేశానికి తగ్గింది, మనకు తగ్గలేదు, అయినా పంటలు అటు మునిగాయి, ఇటు ఎండాయి. ఏప్రిల్ బులెటిన్ ఇవేవీ చెప్పలేదు. చెబుతానని అది అననూ లేదు. ఏ మండలంలో ఏ వారం పడుతుందో చెప్పడం దాని పని కాదు. విత్తే రోజు కోసం ఐదు రోజుల సూచన చూడాలి, మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా చూడాలి. అన్నిటికీ మించి చేలో ఎంత తడిసిందో చూడాలి.

బులెటిన్‌తో వచ్చే దేశపటం గురించి ఒక్క మాట. అందులో తెల్లగా వదిలేసిన చోట 'సాధారణ వానలు' అని చదివేవాళ్లను చూశాం. తెలుపు అంటే అక్కడ ఏ వైపూ మొగ్గు కనబడలేదని, మూడు గంపలకూ సమాన అవకాశం ఉందని. చెప్పడానికేమీ లేదు అన్నదాన్ని బాగుంటుంది అని చదవడం ఇది. ముదురు నీలం ఉంటే భారీ వానలనీ కాదు. సాధారణం కన్నా ఎక్కువ పడే అవకాశం అక్కడ బలంగా ఉందని మాత్రమే. రంగు చెప్పేది పాళ్లను, వాన లోతును కాదు.

మరి కుదించడం ఎట్లా? మేము 2023 బులెటిన్‌ను ఊరి మైకులో చదవడానికి వీలుగా రాసి చూశాం. ఇదీ పాఠం:

'దేశం మొత్తం మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన సగటులో 96 శాతం ఉండే అవకాశం ఉందని వాతావరణ శాఖ ఏప్రిల్ 11న అంచనా వేసింది. ఇది ఐదు శాతం అటూ ఇటూ కావచ్చు. నూటికి 51 పాళ్లు సాధారణం కన్నా తగ్గడానికి, 35 పాళ్లు సాధారణంగా ఉండటానికి, 14 పాళ్లు ఎక్కువ పడటానికి అవకాశం ఉంది. మామూలు ఏడాదిలో ఈ మూడూ 33 చొప్పున ఉంటాయి. ఎల్‌నినో ఏర్పడే అవకాశం ఉంది, కానీ అది వచ్చిన ప్రతిసారీ వానలు తగ్గలేదు. ఇది మన జిల్లాకు చెప్పిన అంచనా కాదు. మే నెలాఖరున మళ్లీ సవరిస్తారు.'

మైకులో చదవడానికి ఒక్క నిమిషం చాలు. ఒక్క శాతం పోలేదు, ఒక్క 'అవకాశం' పోలేదు. ఐదు గంపలను మూడు చేశాం, కానీ కూడి చేశాం, ఏదీ పారేయలేదు. జాగా ఇంకా తక్కువైతే ఏది తీసేయాలి అని మా కార్యవర్గంలో వాదన జరిగింది. ఎల్‌నినో వాక్యం తీసేయవచ్చని తేల్చాం, దాని ప్రభావం పాళ్లలో ఎలాగూ కలిసే ఉంది. 33 చొప్పున అన్న వాక్యం మాత్రం తీయొద్దు. అది లేకుంటే 51 ఎక్కువో తక్కువో వినేవాడికి అంతుపట్టదు. 'మన జిల్లాకు కాదు' అన్నదీ తీయొద్దు.

ఈ పని చేయాల్సిన మనుషులనే ప్రభుత్వం ఇంటికి పంపింది. బులెటిన్లను జిల్లా భాషలో, జిల్లా పంటలకు తగ్గట్టు చెప్పడానికి కృషి విజ్ఞాన కేంద్రాల్లో పెట్టిన జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లు దేశమంతటా 199 ఉండేవి. 2024 మొదట్లో వాటిని మూసేశారు. కేంద్రం సూపర్ కంప్యూటర్లు కొంటుంది, ఆ కంప్యూటర్ చెప్పినదాన్ని చెడిపోకుండా ఊరికి చేర్చే మనిషికి జీతం ఇవ్వదు.

రాష్ట్ర ప్రభుత్వాన్ని మేము అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉద్యాన శాఖ డైరెక్టరేట్ ఉంది. అక్కడికి కూతవేటు దూరంలో వ్యవసాయ శాఖ కమిషనరేట్ ఉంది. ఏప్రిల్ బులెటిన్ వచ్చిన మర్నాడే ఈ రెండు చోట్ల నుంచి తెలుగులో, ఉర్దూలో ఒక పేజీ రావాలి. పాళ్లన్నీ అందులో ఉండాలి, మామూలు ఏడాది అంకెలు పక్కనే ఉండాలి. ఏఈఓలు రైతు వేదికల్లో చదివేది ఆ పేజీనే కావాలి, ఫోన్‌లో తిరిగే ముక్క కాదు. విత్తనాల దుకాణాల్లో ధరల బోర్డు పెట్టమన్నట్టే ఈ పేజీనీ అంటించమనాలి. మే నెలాఖరు సవరణ వచ్చిన రోజు పాతది చింపి కొత్తది అంటించాలి.

మన సంఘం శాఖలు కూడా ఒక పని చేయాలి. ఈ ఏప్రిల్‌లో మీ ఊరికి వాన కబురు ఏ రూపంలో వచ్చిందో, పేపరు ముక్క గానీ, ఫోన్‌లో వచ్చిన మెసేజ్ గానీ, షట్టర్ మీది కాగితం ఫొటో గానీ, తేదీ వేసి మాకు పంపండి. మే 15 లోపు అందినవాటిని అసలు బులెటిన్ పక్కన పెట్టి, ఏ శాతం ఎక్కడ రాలిపోయిందో జూన్ సంచికలో అచ్చు వేస్తాం. అవే ప్రతులు కట్టగట్టి కమిషనర్ గారికీ అందజేస్తాం.